పాల జ్వరం: ఈనిన ఆవు ఎందుకు కూలబడుతుంది, ముందే ఎలా ఆపవచ్చు

పాల జ్వరం అనే పేరు ఈ జబ్బుకు సరిపోదు. ఇందులో జ్వరం ఉండదు. పైగా ఆవు ఒళ్లు చల్లబడుతుంది. చెవులు పట్టుకుంటే చల్లగా తగులుతాయి, థర్మామీటర్ పెడితే మామూలుగా ఉండాల్సిన 101-102 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువే చూపిస్తుంది. ఇది సూక్ష్మజీవుల వల్ల వచ్చేది కాదు, ఒక పశువు నుంచి మరో పశువుకు అంటుకునేదీ కాదు. ఈనిన వెంటనే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోవడం వల్ల కండరాలు పట్టు కోల్పోయి ఆవు కూలబడిపోయే స్థితి ఇది. పశువైద్యులు దీనిని హైపోకాల్సీమియా అంటారు.

ఈ జబ్బు ఎక్కువగా మంచి ఆవులకే వస్తుంది. రోజుకు రెండు మూడు లీటర్లిచ్చే నాటు ఆవులో దాదాపు కనిపించదు. జెర్సీ, హోల్‌స్టీన్ సంకర జాతి ఆవుల్లో, అందులోనూ మూడో ఈత దాటిన వాటిలో, కిందటి ఈతలో బాగా పాలిచ్చిన వాటిలో ఎక్కువ. జెర్సీ రక్తం ఉన్న ఆవులకు ముప్పు మరింత. ఎక్కువ పాలిచ్చే ముర్రా గేదెలకూ వస్తుంది. తొలిచూలు పెయ్యలకు చాలా అరుదు. ఒకసారి వచ్చిన ఆవుకు మరుసటి ఈతలో మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. చాలావరకు ఈనిన మొదటి 24 గంటల్లో, మిగిలినవి దాదాపు అన్నీ 72 గంటల్లోపు బయటపడతాయి. సంకర జాతి ఆవుల మీద ఇల్లు గడిచే చిత్తూరు ప్రాంతం లాంటి చోట్ల, ఒకటి రెండు ఆవులున్న రైతుకు ఆ మూడు రోజుల్లో ఏం జరిగిందన్న దాని మీదే ఆ ఈత మొత్తం ఆదాయం ఆధారపడి ఉంటుంది.

రక్తంలో ఉన్నది రెండు గ్రాములు, పొదుగు అడిగేది పదహారు

సుమారు 450 కిలోల బరువున్న సంకర జాతి ఆవును తీసుకుందాం. దాని రక్తరసంలో ఏ క్షణంలోనైనా తిరుగుతుండే కాల్షియం మొత్తం దాదాపు 2 గ్రాములు మాత్రమే. ఆ కొద్దిపాటి కాల్షియంతోనే గుండె కొట్టుకోవాలి, కాళ్లు నిలబడాలి, పొట్ట కదలాలి, గర్భసంచి ముడుచుకోవాలి.

ఈనిన రోజు ఈ ఆవు 8 లీటర్ల జున్నుపాలు ఇచ్చిందనుకుందాం. లీటరు జున్నుపాలలో 2 గ్రాముల వరకు కాల్షియం ఉంటుంది. అంటే ఒక్క రోజులో పొదుగు లాక్కున్నది సుమారు 16 గ్రాములు. రక్తంలో ఉన్నదానికి ఎనిమిది రెట్లు. ముందు రోజు వరకు కడుపులోని దూడ ఎముకలకు, ఆవు సొంత అవసరాలకు కలిపినా ఇంత పోయేది కాదు. తర్వాత మామూలు పాలలో కాల్షియం లీటరుకు 1.2 గ్రాములకు తగ్గినా, పాల దిగుబడి రోజుకు 20 లీటర్లకు చేరేసరికి రోజువారీ ఖర్చు 24 గ్రాములవుతుంది.

నిజానికి ఆవు ఒంట్లో కాల్షియానికి కొరత లేదు. ఎముకల్లో కిలోల కొద్దీ నిల్వ ఉంటుంది. మేతలోనూ ఉంటుంది. సమస్య నిల్వ లేకపోవడం కాదు, నిల్వలోంచి రక్తంలోకి సమయానికి రాకపోవడం. రక్తంలో కాల్షియం తగ్గగానే మెడలో ఉండే పారాథైరాయిడ్ అనే చిన్న గ్రంథులు ఒక హార్మోన్‌ను విడుదల చేస్తాయి. అది మూడు పనులు చేస్తుంది. మూత్రంలో కాల్షియం పోకుండా మూత్రపిండాలను ఆపుతుంది. ఎముకల నుంచి కాల్షియాన్ని కరిగించి రక్తంలోకి తెస్తుంది. విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారేలా చేసి, దాని ద్వారా పేగులు మేతలోని కాల్షియాన్ని ఎక్కువగా పీల్చుకునేట్టు చేస్తుంది. మొదటి పని వెంటనే జరుగుతుంది కానీ దాని వల్ల మిగిలేది చాలా తక్కువ. అసలు దిగుబడి ఎముకల నుంచి, పేగుల నుంచి రావాలి. అవి పూర్తిగా పనిలోకి దిగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పొదుగు మాత్రం అంతవరకు ఆగదు.

ఈ ఒకటి రెండు రోజుల జాగే పాల జ్వరం. వయసు పెరిగే కొద్దీ ఎముకల్లో కరిగే శక్తి, పేగుల్లో ఈ విటమిన్‌కు స్పందించే శక్తి తగ్గుతాయి. నాలుగో ఈత ఆవు కూలబడి, తొలిచూలు పెయ్య నిలబడడానికి కారణం అదే.

చూడి చివరి మూడు వారాల మేత: ఒక లెక్క

ఈనిన తర్వాత కాల్షియం పడిపోతుంది కాబట్టి ఈనక ముందే బాగా కాల్షియం పెట్టాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. చాలా ఇళ్లలో చూడి చివరి నెలలో జరిగేది అదే. కానీ ఫలితం తరచూ తిరగబడుతుంది. మేతలోనే కాల్షియం సమృద్ధిగా దొరుకుతుంటే పారాథైరాయిడ్ హార్మోన్‌కు పని ఉండదు. ఎముకల నుంచి తెచ్చే దారి, పేగుల్లో గట్టిగా పీల్చుకునే దారి రెండూ మందకొడిగా మారిపోతాయి. ఈనిన రోజు వాటిని ఉన్నపళంగా పనిలోకి దింపాల్సి వస్తుంది.

పైన చెప్పిన 450 కిలోల ఆవుకే రెండు రకాల మేత పోల్చి చూద్దాం. అంకెలు సుమారువి. మేత నాణ్యతను బట్టి మారుతాయి.

మొదటి ఇంట్లో రోజుకు 20 కిలోల పచ్చి లూసర్న్, 4 కిలోల వరిగడ్డి, 3 కిలోల కంపెనీ దాణా, 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇస్తున్నారు. లూసర్న్‌లో నీరు తీసేస్తే మిగిలేది 4 కిలోలే, కానీ అందులో కాల్షియం సుమారు 60 గ్రాములు. వరిగడ్డి నుంచి 10 గ్రాములు. కంపెనీ దాణాలో ఒక శాతం కాల్షియం ఉంటే 30 గ్రాములు. ఖనిజ మిశ్రమం నుంచి మరో 10 గ్రాములు. మొత్తం దాదాపు 110 గ్రాములు.

రెండో ఇంట్లో 6 కిలోల వరిగడ్డి, 15 కిలోల పచ్చి జొన్న లేదా నేపియర్ గడ్డి, మొక్కజొన్న, తవుడు, చెక్క కలిపి ఇంట్లో చేసిన 3 కిలోల దాణా ఇస్తున్నారు. వరిగడ్డి నుంచి 15, పచ్చగడ్డి నుంచి 12, దాణా నుంచి 6 గ్రాములు కలిపి దాదాపు 33 గ్రాములు. వరిగడ్డిలో ఉండే ఆక్సలేట్లు ఇందులోనూ కొంత భాగాన్ని పట్టేస్తాయి కాబట్టి ఆవుకు అందేది ఇంకా తక్కువ.

ఈ దశలో ఆవు ఒంటికి నికరంగా కావాల్సింది రోజుకు పది పదిహేను గ్రాములు. మొదటి ఇంటి ఆవుకు అది ఏ శ్రమా లేకుండా దొరికిపోతుంది. రెండో ఇంటి ఆవు తన శరీర యంత్రాంగాన్ని కొద్దో గొప్పో నడిపితేనే సరిపోతుంది. ఈనే రోజుకు రెండోది కొంత సాధన చేసి ఉంటుంది, మొదటిది చేసి ఉండదు. పైకి చూస్తే ‘మంచి మేత’ తిన్నది మొదటి ఆవే.

ఇక్కడ ఒక హద్దు చెప్పుకోవాలి. కేవలం కాల్షియం తగ్గించి పాల జ్వరాన్ని నమ్మకంగా ఆపాలంటే మేతలో రోజుకు 20 గ్రాముల కంటే తక్కువకు దించాలి. ఆచరణలో అది చాలా కష్టం. 110 నుంచి 33కు దిగడం మేలే కానీ పూర్తి రక్షణ కాదు. కాబట్టి చివరి మూడు వారాల్లో చేయదగినది ఇది: లూసర్న్, సుబాబుల్ లాంటి పప్పుజాతి మేతలను తగ్గించి వాటి స్థానంలో వరిగడ్డి, జొన్న చొప్ప, ధాన్యపు జాతి పచ్చగడ్డి పెంచడం, దాణాలో సున్నపురాయి పొడి కలపకపోవడం, పాలిచ్చే ఆవు కోసం చేసిన ఖనిజ మిశ్రమాన్ని ఈ మూడు వారాలు పశువైద్యుడిని అడిగి మార్చుకోవడం. ఖనిజ మిశ్రమంలో రాగి, జింక్ వంటివీ ఉంటాయి కాబట్టి దాన్ని ఊరికే మానేయడం సరికాదు. ఈనిన రోజు నుంచి లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అప్పుడు లూసర్న్, ఖనిజ మిశ్రమం రెండూ తిరిగి పెట్టాలి, ఎందుకంటే ఇక పాలలో రోజూ కాల్షియం పోతూనే ఉంటుంది.

పొటాషియం, మూత్రం, ఆమ్ల లవణాలు

కాల్షియం తగ్గించిన ఇంట్లో కూడా ఆవు కూలబడడం చూస్తుంటాం. దీనికి కారణం మేతలోని మరో మూలకం, పొటాషియం. పేడ, మూత్రం, పొటాష్ ఎరువు బాగా పడిన మడిలో పెరిగిన లేత పచ్చగడ్డిలో పొటాషియం చాలా ఎక్కువగా ఉంటుంది. అది ఆవు రక్తాన్ని క్షార గుణం వైపు నెడుతుంది. రక్తం అలా మారితే, పారాథైరాయిడ్ హార్మోన్ విడుదలైనా ఎముకలు, మూత్రపిండాలు దాని మాట సరిగా వినవు. మెగ్నీషియం తక్కువైనా ఇదే జరుగుతుంది. పొటాషియం ఎక్కువైతే పొట్టలో మెగ్నీషియం పీల్చుకోవడమూ తగ్గుతుంది కాబట్టి దెబ్బ రెండు వైపులా పడుతుంది.

దీన్ని సరిచేయడానికి పెద్ద డెయిరీ ఫారాలు వాడే పద్ధతి ఆమ్ల గుణమున్న లవణాలు. మేతలో సోడియం, పొటాషియం ఒక వైపు, క్లోరిన్, గంధకం మరో వైపు ఉంచి తేడా లెక్కిస్తారు.

```
(Na + K) − (Cl + S)
```

ఈ తేడా సున్నా కంటే కిందికి దిగితే రక్తం కొద్దిగా ఆమ్లం వైపు జరిగి హార్మోన్ పని సాఫీగా సాగుతుంది. అందుకోసం అమ్మోనియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్ వంటి లవణాలను ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఈనే రోజు వరకు దాణాలో కలుపుతారు. ఈ దారిలో వెళ్లినప్పుడు మేతలో కాల్షియాన్ని కనిష్ఠానికి దించాల్సిన అవసరం ఉండదు. ఆమ్ల మేత వల్ల కాల్షియం మూత్రంలో పోతూ ఉంటుంది కాబట్టి శరీర యంత్రాంగం ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. అందువల్ల రెండు పద్ధతుల్లో ఏదో ఒకదాన్ని ఎంచుకోవాలి. కాల్షియం బాగా తగ్గించి, మళ్లీ ఆమ్ల లవణాలు కూడా పెట్టడం మంచిది కాదు.

లవణాలు పనిచేస్తున్నాయో లేదో చెప్పేది మూత్రం. మామూలు మేత తినే ఆవు మూత్రం పీహెచ్ 8 లేదా అంతకంటే ఎక్కువ. లవణాలు మొదలుపెట్టిన వారం తర్వాత ఆవు మూత్రం పోసేటప్పుడు మధ్య ధారను పట్టి, పీహెచ్ కాగితం ముంచి రంగు చూస్తే చాలు. హోల్‌స్టీన్ సంకర ఆవులో 6.0 నుంచి 6.8 మధ్య ఉంటే లవణం మోతాదు సరిపోయినట్టు. జెర్సీల్లో ఇంకొంచెం తక్కువ ఉండాలి. ఇంకా 7.5, 8 దగ్గరే ఉంటే చాలలేదని, లేదా ఆవు దాణా వదిలేస్తోందని అర్థం. 5.5 కంటే దిగితే మోతాదు మించింది, తగ్గించాలి. ఈ లవణాలు చేదుగా ఉంటాయి. ఆవు దాణా మానేస్తే జబ్బు కంటే చికిత్సే ఎక్కువ చేటు చేస్తుంది. అందుకే మూత్రం చూడకుండా, పశువైద్యుడు మోతాదు చెప్పకుండా అంగట్లో పొట్లం కొని కలపడం తగదు. తొలిచూలు పెయ్యలకు ఇవి అవసరం లేదు. ఈనిన రోజే ఆపేయాలి.

ఈనిన రోజు చేయాల్సింది

ముప్పున్న ఆవుకు, అంటే మూడో ఈత దాటినదానికి, ఇంతకుముందు పాల జ్వరం వచ్చినదానికి, ఈనిన వెంటనే నోటి ద్వారా ఒక మోతాదు కాల్షియం, 12 నుంచి 24 గంటల్లోపు మరో మోతాదు ఇవ్వడం బాగా పనిచేసే పద్ధతి. అయితే కాల్షియం పేరుతో అమ్మే ప్రతి సీసా దీనికి పనికిరాదు. ఈనిన రోజు ఒక్కో మోతాదులో 40 నుంచి 50 గ్రాముల కాల్షియం ఉండాలి. క్లోరైడ్ లేదా ప్రొపియోనేట్ రూపంలో ఉండే జెల్, బోలస్ అలాంటివి. రోజూ తాగించే టానిక్ లేబుల్ మీద 20 మిల్లీలీటర్లకు కొన్ని వందల మిల్లీగ్రాములు అని రాసి ఉంటే, 100 మిల్లీలీటర్లు తాగించినా అందేది ఒకటి రెండు గ్రాములే. పదహారు గ్రాములు పోయిన రోజున అది లెక్కలోకి రాదు. కాబట్టి సీసా ముందువైపు బొమ్మ కాదు, వెనుకవైపు అంకె చూడాలి. కాల్షియం క్లోరైడ్ నోటిని, అన్నవాహికను మండిస్తుంది కాబట్టి రెండు మూడు మోతాదులకు మించి ఇవ్వరు.

నోటి మందుకు ఒక కఠినమైన షరతు ఉంది. ఆవు నిలబడి ఉండాలి, చక్కగా మింగగలగాలి. కూలబడిన ఆవుకు నోట్లో ఏదీ పోయకూడదు. ఎందుకో తర్వాత చూద్దాం.

నిలబడి హుషారుగా ఉన్న ఆవుకు ముందుజాగ్రత్త పేరుతో రక్తనాళంలోకి కాల్షియం ఎక్కించడం కూడా తప్పే. రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పైకి ఎగసి, సరిగ్గా అవసరమైన సమయంలో హార్మోన్ ఆగిపోతుంది. కొన్ని గంటల తర్వాత కాల్షియం మొదటికంటే కిందికి జారవచ్చు.

ఇంతకుముందు పాల జ్వరం వచ్చిన ఆవులో మొదటి రోజు పొదుగు పూర్తిగా పిండకుండా దూడకు సరిపడా జున్నుపాలు తీసి కొంత వదలడం పాత పద్ధతి. దీని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. దూడకు జున్నుపాలు మాత్రం తగ్గించకూడదు. విటమిన్ డి ఇంజెక్షన్ ఈనడానికి రెండు నుంచి ఎనిమిది రోజుల ముందు పడితేనే ఉపయోగం. ఈనే తేదీ కచ్చితంగా తెలియనప్పుడు మళ్లీ మళ్లీ వేయిస్తే అది విషమవుతుంది.

గుర్తుపట్టడం: ఒక రాత్రి వరుస

జబ్బు మూడు దశల్లో నడుస్తుంది. మొదటిది చాలాసార్లు ఎవరి కంటా పడదు. జరిగే క్రమం తెలియడానికి ఒక నమూనా కేసును గంటల వారీగా చూద్దాం. నాలుగో ఈత జెర్సీ సంకర ఆవు, కిందటి ఈతలో రోజుకు 18 లీటర్లు ఇచ్చింది. సాయంత్రం ఆరింటికి సులువుగా ఈనింది. మాయ ఇంకా పడలేదు. రాత్రి ఎనిమిదింటికి పొదుగు మొత్తం పిండారు.

రాత్రి పదకొండుకు ఆవు నిలబడే ఉంది కానీ మేత ముట్టలేదు. వెనుక కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి వేస్తోంది. చెవులు, ఒంటి పక్కల కండరాలు సన్నగా అదురుతున్నాయి. పళ్లు కొరుకుతోంది. దగ్గరకు వెళితే బెదురుతోంది. ఇది మొదటి దశ. సాధారణంగా గంట లోపే ఉంటుంది. ఇంట్లో వాళ్లు ‘ఈనిన నీరసం’ అనుకుని పడుకుంటారు.

తెల్లవారుజామున మూడింటికి ఆవు పడుకుని ఉంది, అదిలిస్తే లేవడం లేదు. రొమ్ము మీద కూర్చున్నట్టే ఉంది కానీ తలను పక్కకు తిప్పి డొక్కకు ఆనించింది. తల ముందుకు లాగి వదిలితే మళ్లీ అక్కడికే పోతోంది. మెడలో వంకర కనిపిస్తోంది. ఎప్పుడూ చెమ్మగా ఉండే ముట్టె పొడిగా ఉంది. చెవులు, కాళ్ల చివరలు చల్లగా ఉన్నాయి. నెమరు లేదు, పేడ వేయలేదు, మూత్రం పోయలేదు. థర్మామీటర్ 98.5 డిగ్రీలు చూపింది. ఇది రెండో దశ. ఒక గంట నుంచి పన్నెండు గంటల దాకా ఉండవచ్చు. ఈ దశలో సరైన చికిత్స అందితే చాలా ఆవులు లేస్తాయి.

ఎవరూ చూడకపోతే మూడో దశ వస్తుంది. ఆవు పక్కకు ఒరిగి కాళ్లు చాపేస్తుంది, స్పృహ తప్పుతుంది, కడుపు ఉబ్బుతుంది, నాడి అందదు. అక్కడి నుంచి మిగిలేది కొన్ని గంటలే.

ఆ ఇంటివాళ్లు మూడింటికే చూశారు. ఆవును రొమ్ము మీద నిటారుగా ఉండేట్టు రెండు వైపులా గడ్డి మోపులు ఆనించారు. పశువైద్యుడికి ఫోన్ చేశారు. తెలుగు రాష్ట్రాల్లో సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. నోట్లో ఏమీ పోయలేదు. ఆ ఆవు బతకడానికి సగం కారణం ఈ చివరి పనే.

చికిత్స ఎలా జరుగుతుంది

పశువైద్యుడు మొదట గుండె వింటాడు, పొదుగు చూస్తాడు, ఉష్ణోగ్రత తీస్తాడు. తర్వాత కాల్షియం బోరోగ్లూకోనేట్ ద్రావణాన్ని ఒంటి వేడికి తెచ్చి మెడ పక్కనున్న పెద్ద రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కిస్తాడు. ప్రతి 100 కిలోల బరువుకు సుమారు 2 గ్రాముల కాల్షియం లెక్క. 450 కిలోల ఆవుకు 9 గ్రాములు. మన దగ్గర దొరికే 450 మిల్లీలీటర్ల సీసాలో రకాన్ని బట్టి ఇంచుమించు ఆ మేరకు ఉంటుంది.

ఆ సీసా ఖాళీ కావడానికి పది నుంచి ఇరవై నిమిషాలు పట్టాలి. కాల్షియం వేగంగా గుండెకు చేరితే గుండె లయ తప్పి ఆగిపోతుంది. అందుకే పశువైద్యుడు ఒక చేత్తో సీసా ఎత్తి, మరో చేత్తో స్టెతస్కోప్ పట్టుకుంటాడు. గుండె మరీ నెమ్మదించినా, లయ తప్పినా వెంటనే ఆపేస్తాడు. ‘నేను చాలాసార్లు ఎక్కించాను’ అనే మనిషి చేతికి ఈ సూది ఇవ్వకూడదనడానికి కారణం ఇదే.

ఫలితం అప్పటికప్పుడే కనిపిస్తుంది. సీసా సగం అయ్యేసరికి కండరాలు అదరడం మొదలవుతుంది, ఆవు తేన్పుతుంది, ముట్టె మీద చెమట చుక్కలు పూస్తాయి, పేడ వేస్తుంది. చాలా ఆవులు రెండు గంటల్లోపు లేచి నిలబడతాయి. నమూనా కేసులోని ఆవు ఉదయం ఐదున్నరకు లేచింది.

కానీ కథ అక్కడ ముగియదు. లేచిన ప్రతి నాలుగు ఆవుల్లో ఒకటి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మళ్లీ పడిపోవచ్చు. ఎక్కించిన కాల్షియం పొదుగులోకి జారిపోతుంది, సొంత యంత్రాంగం ఇంకా పూర్తిగా నడవడం లేదు. అందుకే లేచి, మింగగలిగే స్థితికి వచ్చిన తర్వాత నోటి ద్వారా రెండు మోతాదులు ఇస్తారు. కొన్నిసార్లు వైద్యుడు కొంత కాల్షియాన్ని చర్మం కిందా ఎక్కిస్తాడు. గ్లూకోజ్ కలిసిన ద్రావణాన్ని మాత్రం చర్మం కింద వేయరు. అక్కడ పుండు పడుతుంది. ఆ మొదటి రోజు పొదుగు పూర్తిగా పిండరు.

కూలబడిన ఆవుకు నోట్లో ఎందుకు పోయకూడదు? ఈ జబ్బులో గొంతు కండరాలు కూడా సడలిపోతాయి. గొట్టంతో పోసిన నూనె, బెల్లం నీళ్లు, టానిక్ కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ఆవు పాల జ్వరం నుంచి లేచి, రెండు మూడు రోజులకు ఊపిరి అందక చనిపోయిన సందర్భాల్లో చాలా వాటికి మూలం ఇదే.

మరో ప్రమాదం గంటల లెక్కలో పెరుగుతుంది. ఆవు బరువంతా ఒకే తొడ మీద పడి గట్టి నేల మీద ఉంటే, ఆ కండరాలకు రక్తం ఆగి నలిగిపోతాయి. అప్పుడు రక్తంలో కాల్షియం సరిపోయినా ఆవు లేవలేదు. సిమెంటు కొట్టం నుంచి ఇసుక లేదా మందంగా గడ్డి పరిచిన చోటికి మార్చి, మూడు నాలుగు గంటలకోసారి రెండో వైపుకు తిప్పాలి. తోక పట్టి లాగడం, కొట్టి లేపబోవడం వల్ల మేలు జరగదు.

కూలబడిన ప్రతి ఆవుకూ పాల జ్వరం కాదు

ఒక సీసా సరిగ్గా ఎక్కించి ఐదారు గంటలైనా ఆవు లేవకపోతే వెంటనే ఇంకో సీసా కాదు, ఇంకో కారణం వెతకాలి. ఆవు మెలకువగా ఉండి, మేత తింటూ, ముట్టె చెమ్మగా ఉండి వెనుక కాళ్లు మాత్రం పనిచేయకపోతే, పెద్ద దూడ వల్ల ఈనేటప్పుడు నరం నలిగిందేమో చూడాలి. పొదుగు ఒక భాగం గట్టిపడి, పాలు నీళ్లలా పసుపుగానో ఎర్రగానో వస్తుంటే అది తీవ్రమైన పొదుగువాపు. విషం రక్తంలోకి చేరిన ఆ దశలో చెవులు చల్లబడవచ్చు, ఉష్ణోగ్రతా తగ్గవచ్చు, అచ్చం పాల జ్వరంలా కనిపిస్తుంది. అలాంటి ఆవు గుండె అప్పటికే బలహీనంగా ఉంటుంది, కాల్షియం వేగంగా ఎక్కిస్తే తట్టుకోలేదు. మూత్రం కాఫీ రంగులో ఉంటే భాస్వరం లోపాన్ని అనుమానించాలి. ఇది గేదెల్లో ఎక్కువ.

పొదుగులోకి గాలి కొట్టిన కాలం

ఈ జబ్బు కారణం తెలియక ముందే దానికి చికిత్స దొరికింది. డెన్మార్క్‌లోని కోల్డింగ్ పట్టణ పశువైద్యుడు యుర్గెన్స్ ష్మిట్ పొదుగులోనే ఏదో విషం పుడుతోందని భావించి, 1897లో చనుమొనల గుండా పొటాషియం అయొడైడ్ ద్రావణం ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆవులు బతికాయి. కొన్నేళ్లలోనే ద్రావణం అక్కర్లేదని, ఉత్త గాలి నింపినా చాలని తేలింది. సిద్ధాంతం తప్పు, ఫలితం మాత్రం నిజం. ఉబ్బిన పొదుగులో ఒత్తిడి పెరిగి పాలు ఊరడం ఆగేది, రక్తంలోని కాల్షియం రక్తంలోనే మిగిలేది. 1925లో స్కాట్లండ్‌లో జరిగిన పరిశోధనల్లో కూలబడిన ఆవుల రక్తంలో కాల్షియం పడిపోతోందని రుజువయ్యాక, 1930ల నుంచి కాల్షియం బోరోగ్లూకోనేట్ చికిత్స స్థిరపడింది. గాలి కొట్టడం వల్ల పొదుగువాపు వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి ఆ పద్ధతి ఇప్పుడు వాడుకలో లేదు.

కూలబడని ఆవుల్లో దాగిన లోపం

ఆవు రక్తంలో కాల్షియం మామూలుగా డెసిలీటరుకు 8.5 నుంచి 10 మిల్లీగ్రాములు. కూలబడే సమయానికి అది సాధారణంగా 5.5 కంటే దిగి ఉంటుంది. ఈ రెండింటి మధ్య, 8 కంటే తక్కువగా ఉండి పైకి ఏ లక్షణమూ కనిపించని ఆవులు చాలా ఎక్కువ. అవి నడుస్తాయి, పాలిస్తాయి. కానీ గర్భసంచి సరిగా ముడుచుకోక మాయ పడదు, లేదా గర్భసంచే బయటకు జారుతుంది. చనురంధ్రం గట్టిగా మూసుకోక పొదుగువాపు వస్తుంది. పొట్ట కదలిక మందగించి మేత తగ్గి, ఒంట్లోని కొవ్వు కరిగి కీటోసిస్ వస్తుంది. ఈ ఇబ్బందులకు రైతు వేర్వేరుగా మందులు వాడుతూ ఉంటాడు. మూలం ఈనిన మొదటి రోజే ఉందని తోచదు.

అందుకే మూడో ఈత దాటిన ఆవు విషయంలో రాసి పెట్టుకోవాల్సినవి మూడే. చూడి కట్టించిన తేదీ ఒకటి. దాని నుంచి సుమారు 280 రోజులు లెక్కిస్తే ఈనే రోజు, దానికి మూడు వారాల ముందు మేత మార్చే రోజు తెలుస్తాయి. కిందటి ఈతలో పాల జ్వరం వచ్చిందా, మాయ ఆగిందా అన్నది రెండోది. మూడోది, ఈనిన రాత్రి ఆవును పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి లేచి చూడడం. చెవులు పట్టుకుని చూడడానికి, ముట్టె తడిగా ఉందో లేదో తాకడానికి ఒక్క నిమిషం చాలు.